టెన్సెస్ వర్క్‌షీట్‌లో 13 మార్కులు: తల్లిదండ్రులకు మా వివరణ



ఏడో తరగతి పిల్లలకు ఇంగ్లీషు క్రియల కాలాల మీద, అంటే టెన్సెస్ మీద, ఒక వర్క్‌షీట్ ఇచ్చి, దిద్ది, మీ సంతకం కోసం ఇళ్లకు పంపాము. పేపర్లు చూశాక మీలో చాలామంది మమ్మల్ని రెండు ప్రశ్నలు అడిగారు. మొదటిది: "మా పిల్లవాడు రాసింది అర్థమవుతూనే ఉంది కదా, మార్కు ఎందుకు తీశారు?" రెండోది: "మా ఆఫీసులో అందరం ఇలాగే మాట్లాడతాం. ఎవరూ తప్పు అనరు. మీరెందుకు అంటున్నారు?" ఈ ప్రశ్నలు రెండూ న్యాయమైనవే. ఒక్కొక్కరికి గేటు దగ్గర నిలబెట్టి చెప్పే బదులు అందరికీ ఒకేచోట చెప్పాలని ఈ సంచికలో రాస్తున్నాము.

మా తరగతిలో కొండాపూర్, హఫీజ్‌పేట్, మాదాపూర్, గచ్చిబౌలి వైపు నుంచి పిల్లలు వస్తారు. కొందరి తల్లిదండ్రులు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, కొందరు అవే ఆఫీసులకు క్యాబ్ నడిపేవారు, క్యాంటీన్‌లో, సెక్యూరిటీలో పనిచేసేవారు. ఇంట్లో కొందరు తెలుగు మాట్లాడతారు, కొందరు ఉర్దూ, కొందరు రెండూ. 2022-23 నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో కూడా ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వరకు ఇంగ్లీషు మీడియం మొదలైంది కాబట్టి, తాము తెలుగు మీడియంలోనో ఉర్దూ మీడియంలోనో చదివి, ఇప్పుడు పిల్లల ఇంగ్లీషు పేపరు చేతిలో పట్టుకున్న తల్లిదండ్రులు ప్రతి బస్తీలోనూ ఉన్నారు. ఇంగ్లీషు బాగా రానివారు కూడా ఈ పేపరును చదవగలరని, పిల్లవాడికి సాయం చేయగలరని చూపడమే ఇక్కడ మా ప్రయత్నం.

మార్కులు ఎలా వేశాము

వర్క్‌షీట్‌లో పది వాక్యాలు ఉన్నాయి. ప్రతి వాక్యంలో ఒక ఖాళీ, పక్కన ఒక క్రియ. ఆ క్రియను సరైన కాలంలోకి మార్చి ఖాళీలో రాయాలి. వాక్యానికి 2 మార్కులు, మొత్తం 20.

ఆ 2 మార్కులను మేము రెండుగా విడదీశాము. ఒక మార్కు కాలం ఎంపికకు: ఈ సందర్భానికి ఏ టెన్స్ కావాలో పిల్లవాడు పట్టుకున్నాడా? ఇంకో మార్కు రూపానికి: తాను ఎంచుకున్న టెన్స్‌ను తప్పు లేకుండా రాశాడా? కాలం తప్పయితే మార్జిన్‌లో "కా" అని, రూపం తప్పయితే "రూ" అని ఎర్ర సిరాతో రాశాము. మీ పేపరులో కనిపించే అక్షరాలు ఇవే.

ఒక ఉదాహరణ చూడండి. "నిన్న మేము బడికి వెళ్లలేదు" అనే అర్థంలో ఒక పాప "వి డిడ్ నాట్ వెంట్ టు స్కూల్ యెస్టర్‌డే" అని రాసింది. గడిచిపోయిన సంగతి అని ఆమెకు తెలుసు. కాలం సరిగ్గా ఎంచుకుంది, దానికి 1 మార్కు. "గో" ఉండవలసినచోట "వెంట్" రాసింది, అది రూపం తప్పు, దానికి సున్నా. ఇంకో బాబు "వి హ్యాడ్ నాట్ గాన్ టు స్కూల్ యెస్టర్‌డే" అని రాశాడు. అతని రూపం నిక్షేపంగా ఉంది, దానికి 1 మార్కు. కానీ ఆ కాలం అక్కడ అక్కర్లేదు, దానికి సున్నా. ఇద్దరికీ ఒక్కొక్క మార్కే వచ్చింది, కానీ ఇద్దరికీ నేర్పవలసినది వేరు. మొత్తం మార్కు ఒక్కటే చూసి పిల్లవాడిని మందలించవద్దని మేము చెప్పేది ఇందుకే.

ఒకే మార్కు, రెండు పేపర్లు

ఇప్పుడు రెండు పేపర్లను పక్కపక్కన పెట్టి చూద్దాం. తరగతిలో మాకు తరచుగా కనిపించే జవాబులను కలిపి ఈ రెండింటినీ తయారు చేశాము, ఏ ఒక్క పిల్లవాడివీ కావు. మొదటిది ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడిది అనుకోండి. రెండోది ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లవాడిది. ఇద్దరికీ వచ్చింది 20కి 13.

ముందు సరైన జవాబులు:

1. మై ఫాదర్ గోస్ టు ఆఫీస్ అట్ నైన్ ఎవ్రీ డే.
2. లుక్! ద ట్రైన్ ఈజ్ కమింగ్.
3. ఐ హ్యావ్ టూ సిస్టర్స్.
4. ద మెట్రో రీచ్‌డ్ హైటెక్ సిటీ ఇన్ 2019.
5. సైబర్ టవర్స్ హ్యాజ్ స్టుడ్ ఇన్ మాదాపూర్ సిన్స్ 1998.
6. ఐ సా ద కేబుల్ బ్రిడ్జ్ లాస్ట్ సండే.
7. వి డిడ్ నాట్ గో టు స్కూల్ యెస్టర్‌డే.
8. ఐ హ్యావ్ లాస్ట్ మై కీ. ఐ కాంట్ ఓపెన్ ద డోర్.
9. వెన్ వి రీచ్‌డ్ ద స్టేషన్, ద ట్రైన్ హ్యాడ్ ఆల్రెడీ లెఫ్ట్.
10. హి సెడ్ దట్ హి వుడ్ కమ్ ద నెక్స్ట్ డే.

తెలుగు ఇంటి పిల్లవాడు 2, 4 సరిగ్గా రాశాడు. 8లో "ఐ లాస్ట్ మై కీ" అన్నాడు. దానికీ పూర్తి మార్కులు ఇచ్చాము, కారణం తర్వాత చెబుతాము. మిగిలిన ఏడింటిలో ఒక్కొక్క మార్కు పోయింది: 1లో "విల్ గో", 3లో "యామ్ హ్యావింగ్", 5లో "ఈజ్ స్టాండింగ్", 6లో "హ్యావ్ సీన్", 7లో "డిడ్ నాట్ వెంట్", 9లో ఉత్త "లెఫ్ట్", 10లో "విల్ కమ్".

ఉర్దూ ఇంటి పిల్లవాడు 2, 8, 9 సరిగ్గా రాశాడు. 1లో "గోస్" బదులు "గో" అన్నాడు. 3లో "యామ్ హ్యావింగ్", 5లో "ఈజ్ స్టాండింగ్", 10లో "విల్ కమ్" అన్నాడు. 4లో "హ్యాడ్ రీచ్‌డ్", 6లో "హ్యాడ్ సీన్", 7లో "హ్యాడ్ నాట్ గాన్" అన్నాడు. అతనికీ ఏడు మార్కులే పోయాయి.

మార్జిన్ చూడండి. ఇద్దరికీ ఆరు "కా"లు, ఒక "రూ". లెక్క అచ్చంగా ఒకటే. కానీ రెండో పేపరులో 4, 6, 7 మూడు తప్పులు కావు, ఒకే తప్పు మూడుసార్లు. ఆ ఒక్కటి సరిచేస్తే అతనికి మూడు మార్కులు ఒకేసారి వస్తాయి. మొదటి పేపరులో అలా కాదు, ఏ తప్పుకు ఆ తప్పే. అతనితో మేము ఎక్కువ రోజులు కూర్చోవాలి.

ఇంకో సంగతి కూడా గమనించండి. 3, 5, 10 తప్పులు ఇద్దరూ చేశారు. మిగిలినవి తెలుగు పిల్లవాడివి వేరు, ఉర్దూ పిల్లవాడివి వేరు. ఇది ఊరికే జరగలేదు. ప్రతి తప్పు వెనకా ఇంటి భాష ఉంది. పిల్లవాడు తెలివితక్కువగా రాయలేదు. తనకు బాగా తెలిసిన భాష నియమాన్నే ఇంగ్లీషుకు పెట్టాడు. ఆ నియమం ఎక్కడ చెల్లదో చూపితే చాలు.

తెలుగు ఇంటి తప్పులు

మొదటి వాక్యం "మై ఫాదర్ విల్ గో టు ఆఫీస్ ఎవ్రీ డే". తెలుగులో "మా నాన్న రోజూ ఆఫీసుకు వెళ్తాడు" అంటాము. "మా నాన్న రేపు ఆఫీసుకు వెళ్తాడు" అని కూడా అంటాము. రోజూ చేసే పనికీ, రేపు చేయబోయే పనికీ "వెళ్తాడు" ఒక్కటే. పిల్లవాడు "వెళ్తాడు" అంటే "విల్ గో" అని ఎప్పుడో నేర్చుకున్నాడు, అదే ఇక్కడా పెట్టాడు. ఉర్దూలో "జాతా హై" వేరు, "జాయేగా" వేరు. అందుకే ఉర్దూ పిల్లవాడు ఇక్కడ కాలం తప్పలేదు, చివరి "స్" మాత్రం మరిచాడు.

తెలుగు మీడియంలో చదివిన పెద్దలకు ఇక్కడ ఒక పాత మాట పనికివస్తుంది. చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణంలో భూత, వర్తమాన, భవిష్యత్ కాలాలతో పాటు తద్ధర్మం అని నాలుగోది ఉంది. "సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు", "పక్షులు ఎగురుతాయి" వంటివి తద్ధర్మం, అంటే స్వభావాన్నీ అలవాటునూ చెప్పేవి. ఇంగ్లీషులో సింపుల్ ప్రెజెంట్ అనేది ముఖ్యంగా ఈ పనికే ఉంది. పేరులో ప్రెజెంట్ ఉంది కదా అని దాన్ని "ఇప్పుడు" అనుకుంటే పొరపాటు. మీ పిల్లవాడికి ఇలా చెప్పండి: "వెళ్తాడు" పక్కన "రోజూ" పెడితే సరిపోతుందా, "రేపు" పెడితే సరిపోతుందా? "రోజూ" సరిపోతే "గోస్". "రేపు" సరిపోతే "విల్ గో".

ఆరో వాక్యం "ఐ హ్యావ్ సీన్ ద కేబుల్ బ్రిడ్జ్ లాస్ట్ సండే". తెలుగులో "నేను కేబుల్ బ్రిడ్జి చూశాను" అంటే రెండు అర్థాలు రావచ్చు. ఒకటి, ఎప్పుడో ఒకప్పుడు చూశాను, నాకు తెలుసు అని. రెండు, పోయిన ఆదివారం వెళ్లి చూశాను అని. "చూశాను" రెండిటికీ చాలుతుంది. ఇంగ్లీషుకు చాలదు. ఎప్పుడో చెప్పకుండా, చూసి ఉన్నానని మాత్రం చెప్పాలంటే "హ్యావ్ సీన్". ఎప్పుడు చూశామో చెబితే "సా". "లాస్ట్ సండే", "యెస్టర్‌డే", "ఇన్ 2019" వంటి గడిచిపోయిన సమయం వాక్యంలో ఉంటే అక్కడ "హ్యావ్" నిలవదు. ఈ ఒక్క నియమం పిల్లవాడు గుర్తుపెట్టుకుంటే చాలా పేపర్లలో చాలా ఎర్ర గీతలు తగ్గుతాయి.

ఏడో వాక్యం "డిడ్ నాట్ వెంట్". దీనికి మందు తెలుగులోనే ఉంది. "వెళ్లాను" అంటాము. దానికి వ్యతిరేకం "వెళ్లాను లేదు" అంటామా? అనము. "వెళ్లలేదు" అంటాము. "లేదు" వచ్చిందంటే "వెళ్లాను"లోని భూతకాలపు గుర్తు ఊడిపోయి ఉత్త "వెళ్ల" మిగులుతుంది. ఇంగ్లీషులోనూ అంతే. "డిడ్ నాట్" వచ్చిందంటే గడిచిపోయిన కాలం అందులోకి వెళ్లిపోయింది, "వెంట్" మళ్లీ "గో" అయిపోవాలి. ఈ పోలిక చెప్పగానే పిల్లలు నవ్వుతారు, ఆ తర్వాత మరిచిపోవడం తక్కువ. "డిడ్ యు వెంట్?" అనే ప్రశ్నకూ ఇదే సవరణ.

తొమ్మిదో వాక్యంలో "ఆల్రెడీ" అనే మాట ఉంది, అంటే "అప్పటికే". మేము స్టేషన్ చేరేసరికి రైలు అప్పటికే వెళ్లిపోయింది. గడిచిన పనులు రెండు, వాటిలో రైలు వెళ్లడం ముందు జరిగింది. ముందు జరిగినదానికి "హ్యాడ్" పెట్టాలి. తెలుగు పిల్లవాడు ఉత్త "లెఫ్ట్" రాశాడు. "అప్పటికే" లేకుండా "వెన్ వి రీచ్‌డ్ ద స్టేషన్, ద ట్రైన్ లెఫ్ట్" అంటే మేము రాగానే, మా కళ్లముందే, రైలు కదిలింది అనే అర్థం వస్తుంది. రైలు దొరకకపోవడం రెండింటిలోనూ ఉంది, కానీ జరిగిన సంగతి ఒకటి కాదు.

ఉర్దూ ఇంటి తప్పు

ఉర్దూ పిల్లవాడు ఈ తొమ్మిదో వాక్యం సులభంగా రాశాడు. ఎందుకంటే "ట్రైన్ జా చుకీ థీ" అని అతని భాషలో ఉంది. ఎనిమిదో వాక్యంలోని "హ్యావ్ లాస్ట్" కూడా అతనికి "ఖో గయీ హై" లాగా దొరికింది. కానీ అదే "థా" మిగతాచోట్ల అతన్ని పడేసింది.

ఇంట్లో పిల్లవాడు "కల్ మై నానీ కే ఘర్ గయా థా" అంటాడు. నిన్నటి మాట కాబట్టి "గయా థా". అందులో తప్పేమీ లేదు, అది చక్కని ఉర్దూ. ఆ "థా"ను అతను ఇంగ్లీషులో "హ్యాడ్" చేశాడు: "ఐ హ్యాడ్ గాన్ టు మై నానీస్ హౌస్ యెస్టర్‌డే". ఉర్దూలో "థా" ఒక్కటే గడిచిపోయిందని చెప్పడానికి చాలు. ఇంగ్లీషులో "హ్యాడ్" ఒంటరిగా నిలవదు. దాని పక్కన దాని తర్వాత జరిగిన ఇంకో సంగతి ఉండాలి, వాక్యంలోనైనా, ముందు వాక్యంలోనైనా. "ఐ హ్యాడ్ గాన్" అని ఆపేస్తే వినేవాడు "అయితే తర్వాత ఏమైంది?" అని ఎదురుచూస్తాడు.

దీనికి పిల్లవాడిని అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "దీని తర్వాత జరిగిన ఇంకో పాత సంగతి ఏది?" తొమ్మిదో వాక్యంలో జవాబు ఉంది, మేము స్టేషన్ చేరడం. నాలుగులో, ఆరులో, ఏడులో జవాబు లేదు. జవాబు లేకపోతే "హ్యాడ్" తీసేయాలి. మెట్రో 2019లో హైటెక్ సిటీ చేరింది, అంతే. "రీచ్‌డ్".

ఇద్దరూ చేసే తప్పులు

"ఐ యామ్ హ్యావింగ్ టూ సిస్టర్స్". తెలుగులో "నాకు ఇద్దరు చెల్లెళ్లు ఉన్నారు" అంటాము. ఆ "ఉన్నారు" తోకే "చదువుతున్నారు", "వస్తున్నారు"లో కూడా వినిపిస్తుంది. ఉర్దూలో "దో బెహనేఁ హై" అనే "హై" కూడా "ఆ రహీ హై"లో ఉంది. కాబట్టి ఉండటాన్నీ, చేస్తూ ఉండటాన్నీ పిల్లవాడు ఒకటిగా చూస్తాడు. ఇంగ్లీషులో "ఇంగ్" జరుగుతున్న పనికి. చెల్లెళ్లు ఉండటం పని కాదు, స్థితి. "నో", "వాంట్", "బిలాంగ్" వంటివీ అంతే. అయితే "హ్యావింగ్" ఎప్పుడూ తప్పే అని పిల్లవాడికి చెప్పవద్దు. "వి ఆర్ హ్యావింగ్ లంచ్" సరైనదే, అక్కడ తినడం అనే పని జరుగుతోంది.

ఐదో వాక్యం "సైబర్ టవర్స్ ఈజ్ స్టాండింగ్ సిన్స్ 1998". తెలుగులో "1998 నుంచి ఉంది", ఉర్దూలో "1998 సే ఖడా హై". రెండు భాషలూ ఇప్పటి కాలాన్నే వాడతాయి, ఎందుకంటే భవనం ఇప్పుడూ నిలబడే ఉంది. ఇంగ్లీషు అలా ఒప్పుకోదు. అప్పుడు మొదలై ఇప్పటిదాకా వచ్చిందంటే "హ్యాజ్" కావాలి. "హ్యాజ్ స్టుడ్" రాసినా, "హ్యాజ్ బీన్ స్టాండింగ్" రాసినా మేము పూర్తి మార్కులు ఇచ్చాము.

దీనితోపాటు వచ్చే ఇంకో చిక్కు "సిన్స్", "ఫర్". తెలుగులో "సోమవారం నుంచి" అంటాము, "రెండేళ్ల నుంచి" అని కూడా అంటాము. ఉర్దూలో "పీర్ సే", "దో సాల్ సే". మనకు రెండిటికీ ఒకటే మాట. ఇంగ్లీషులో వేరు. మొదలైన రోజునో ఏడాదినో చూపితే "సిన్స్". ఎంత కాలమో లెక్కపెట్టి చెబితే "ఫర్". సిన్స్ మండే, ఫర్ టూ ఇయర్స్. క్యాలెండర్‌లో వేలు పెట్టి చూపగలిగితే సిన్స్, వేళ్లమీద లెక్కపెడితే ఫర్ అని పిల్లలకు చెబుతాము.

పదో వాక్యం "హి సెడ్ దట్ హి విల్ కమ్ ద నెక్స్ట్ డే". "మర్నాడు వస్తానని చెప్పాడు" అనేటప్పుడు తెలుగు "అని" ముందున్న మాటను కదపదు. అతను ఎలా అన్నాడో అలాగే "వస్తాను" అని ఉంచేస్తుంది. మన హైదరాబాదు ఉర్దూలో "ఆతుఁ బోల్కే బోలా" అంటారు. ఆ "బోల్కే" చేసే పనీ "అని" చేసే పనే. ఇంగ్లీషు మాత్రం చెప్పిన మాటను కూడా ఒక మెట్టు వెనక్కి తోస్తుంది: "విల్" కాస్తా "వుడ్" అవుతుంది.

ఎక్కడ సడలించాము, ఎక్కడ సడలించలేదు

ఎనిమిదో వాక్యంలో తాళంచెవి పోయింది, ఫలితం ఇప్పుడు కనిపిస్తోంది, తలుపు తెరుచుకోవడం లేదు. మా పుస్తకం ప్రకారం "హ్యావ్ లాస్ట్" సరైనది. కానీ అమెరికా వాడుకలో ఇలాంటిచోట "ఐ లాస్ట్ మై కీ" అనడం మామూలు. అది తప్పు అని మేము అనలేము, అందుకే పూర్తి మార్కులు ఇచ్చాము. పదో వాక్యంలోనూ ఇలాంటి సందు ఒకటి ఉంది. అతను ఇంకా రావలసే ఉంటే "హి సెడ్ హి విల్ కమ్ టుమారో" అని మాట్లాడటం ఇంగ్లీషులో చెల్లుతుంది. కానీ మా వాక్యంలో "టుమారో" లేదు, "ద నెక్స్ట్ డే" ఉంది. అంటే ఆ మర్నాడు కూడా గడిచిపోయింది. అందుకే అక్కడ "వుడ్" అడిగాము.

ఇక ఆఫీసు మాట. "ఐ యామ్ హ్యావింగ్ ఎ డౌట్" అని మన దేశంలో లక్షల మంది అంటారు, అందరికీ అర్థమవుతుంది. మాట్లాడేటప్పుడు పిల్లవాడు అలా అంటే మేము మధ్యలో ఆపము. రాతపరీక్షలో మాత్రం దిద్దేవారు దాన్ని ఒప్పుకోరు, కాబట్టి రాతలో మార్కు తీస్తాము. అయితే కొన్ని తప్పులు ఆఫీసులో కూడా నష్టం చేస్తాయి. "ద సర్వర్ వాజ్ డౌన్ ఫర్ టూ అవర్స్" అంటే రెండు గంటలు ఆగి, మళ్లీ నడుస్తోంది అని వినేవాడు అనుకుంటాడు. "ద సర్వర్ హ్యాజ్ బీన్ డౌన్ ఫర్ టూ అవర్స్" అంటే ఇంకా ఆగే ఉంది. వేరే దేశంలో ఉన్నవాడికి ఈ రెండింటిలో ఏది రాశామన్నదాన్ని బట్టి అతను లేచి పనిలో దిగుతాడా, మెయిల్ మూసేసి నిద్రపోతాడా అన్నది తేలుతుంది. "ఐ హ్యాడ్ సెంట్ ద ఫైల్" అని ఆపితే, పంపాక ఏదో అయిందేమో అని అవతలివారు ఎదురుచూస్తారు. మేము గట్టిగా పట్టుకునేది ఇలా అర్థం మారే తప్పులనే.

ఇంట్లో మీరు చేయగలిగినది

ముందు తొందరపాటు ఏదో, తెలియనితనం ఏదో వేరు చేయండి. భాషాబోధనలో పిట్ కార్డర్ అనే పండితుడు 1967లో ఒక వ్యాసంలో ఈ తేడాను చూపాడు. దాన్ని ఇంట్లో పట్టుకోవడం తేలిక. ఎర్ర గీత ఉన్న వాక్యాన్ని పిల్లవాడితో పైకి చదివించండి. తప్పు ఎక్కడో చెప్పవద్దు. తానే ఆగి సవరించుకుంటే అది తొందరపాటు, మళ్లీ నేర్పనక్కర్లేదు. తప్పుతోనే ధీమాగా చదువుకుంటూ వెళ్లిపోతే నియమం తెలియలేదు. ఆ వాక్యం నంబరు పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి పంపండి. మేము మళ్లీ నేర్పేది చుక్క ఉన్నవాటినే.

రెండో పనికి మీకు ఇంగ్లీషు రానవసరం లేదు. వాక్యం అర్థాన్ని పిల్లవాడితో ఇంటి భాషలో చెప్పించి, ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. ఇది రోజూ జరిగేదా, ఇప్పుడు కళ్లముందు జరుగుతోందా? జరిగిపోయింది అంటే, ఎప్పుడో వాక్యంలో చెప్పారా? అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతోందా? పాత సంగతులు రెండు ఉంటే ఏది ముందు? జవాబులు తెలుగులోనో ఉర్దూలోనో వస్తాయి. ఆ జవాబు తేలితే ఏ టెన్స్ కావాలో పిల్లవాడికి తెలుస్తుంది, ఎందుకంటే టెన్సుల పేర్లు, రూపాలు వాడికి వచ్చు. రానిది ఎంపికే, ఎంపిక అర్థంలో ఉంది, అర్థం మీ భాషలో ఉంది.

సరైన జవాబును పదిసార్లు రాయించవద్దు. అలా రాస్తే ఆ వాక్యం ఒక్కటే వస్తుంది. దానికి బదులు ప్రతి "కా" గుర్తుకు మీ ఇంటి సంగతులతో రెండు కొత్త వాక్యాలు రాయించండి: నాన్న ఎన్నేళ్లుగా ఈ పని చేస్తున్నారు, అమ్మీ నిన్న ఏం వండింది, అన్న రోజూ ఏ బస్సు ఎక్కుతాడు. ఆ కాగితం పేపరుకు పిన్ను చేసి పంపండి. మేము వాటిని దిద్ది పేపరు మీద రెండో మార్కు వేస్తాము. మొదటి 13 అలాగే ఉంటుంది, కొట్టివేయము. దాని పక్కన రెండో అంకె ఉంటుంది. పేరెంట్స్ మీటింగుకు వచ్చినప్పుడు ఆ రెండు అంకెలు, మార్జిన్‌లోని అక్షరాలు పక్కపక్కన పెట్టుకుని మాట్లాడుకుందాం.